చూసుకుని నడవలేదా అని అడిగే ముందు

ఎవరైనా ఆడమనిషి రోడ్డు మీద గుంటలో పడిందంటే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ఒకటే: "చూసుకుని నడవొద్దూ?" తర్వాత రెండో మాట: "ఫోను చూసుకుంటూ నడిచి ఉంటుంది." మూడోది: "ఆ చీకట్లో, వానలో ఇప్పుడే వెళ్లాలా?" ఆ గుంట అక్కడ ఎందుకుంది, దాని మీద ఉండాల్సిన మూత ఎక్కడికి పోయింది, తీసినవాళ్లెవరు అన్న ప్రశ్నలు ఏ పదో మాటగానో వస్తాయి. ఒక్కోసారి అసలే రావు.

2023 ఏప్రిల్ 29 పొద్దున సికింద్రాబాద్ కళాసిగూడలో నాలుగో తరగతి చదివే పాప పాలు తేవడానికి తమ్ముడితో కలిసి ఇంట్లోంచి బయల్దేరింది. పెద్ద వాన. రోడ్డంతా నీళ్లు. ఆ నీళ్ల కింద మూత లేని నాలా ఉంది. పాప అందులో పడిపోయింది, ప్రాణాలతో బయటికి రాలేదు. ఆ తర్వాత ఇద్దరు ఉద్యోగులను సస్పెండ్ చేశారు, కుటుంబానికి 2 లక్షలు ప్రకటించారు. అంతకు మూడేళ్ల కిందట, 2020 సెప్టెంబరులో, నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్తున్న పన్నెండేళ్ల పాప కూడా ఇలాగే మూత లేని నాలాలో కొట్టుకుపోయింది. "ఆ వానలో పిల్లని బయటికి ఎలా పంపారో" అని టీవీ చూస్తూ అనేవాళ్లను నేనూ విన్నాను. పొద్దున్నే పాల ప్యాకెట్టుకి పిల్లని పంపని ఇల్లు మన వీధుల్లో ఏదండీ? పాలకి వెళ్లడం ప్రాణాంతకమైన పని అని ఆ తల్లికి ఎలా తెలుస్తుంది?

ఇంతకీ మూతలు ఎందుకు ఉండవు? దొంగలు ఇనుముకోసం ఎత్తుకుపోతారు అన్నది నిజమే. అందుకే చాలాచోట్ల ఇనుప మూతలు తీసేసి సిమెంటు మూతలు పెట్టారు. అవి ఎంత బరువు మోయాలన్నదానికి లెక్క ఉంది. మనుషులు మాత్రమే నడిచే చోటికి రెండున్నర టన్నుల రకం, బరువు బళ్లు తిరిగే రోడ్డుకి 20 టన్నులు, 35 టన్నుల రకం అని. కాలిబాటకు చేసిన మూతను తెచ్చి లారీలు తిరిగే రోడ్డు మీద పెడితే నెల తిరక్కుండా నడుమ విరుగుతుంది. తర్వాత రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతారు. మూత పాత ఎత్తులోనే ఉండిపోయి చుట్టూ గుంట అవుతుంది. ఇక వానాకాలంలో రోడ్డు మీద నీళ్లు పోవడానికి మూత తీస్తారు. సిబ్బంది తీస్తారు, ఒక్కోసారి వీధివాళ్లే తీస్తారు. 2017 ఆగస్టులో ముంబై వరదల్లో పేరున్న డాక్టరు ఒకాయన వరద నీళ్లలో నడిచి ఇంటికి వెళ్తూ అలా తీసిన మ్యాన్‌హోల్‌లోనే పడి చనిపోయారు. ఆయన శవం రెండు రోజుల తర్వాత దూరాన సముద్రం దగ్గర దొరికింది.

వీటన్నిటికంటే మన వీధుల్లో ఎక్కువగా కనిపించే కారణం మరొకటి ఉంది, పూడిక తీత. వానలకు ముందు సైడు కాలువల మీది పలకలు లేపి, మట్టి తీసి, అదే గట్టున పోస్తారు. అది తడిగా ఉంటే బండి ఎక్కించరు, ఆరాక తీసుకెళ్తామంటారు. మట్టి వెళ్లేదాకా పలకలు గోడకి ఆనించి ఉంటాయి, కాలువ నోరు తెరుచుకుని ఉంటుంది. ఒక్కోచోట రెండు రోజులు, ఒక్కోచోట రెండు వారాలు.

మా వీధిలో జరిగింది సరిగ్గా ఇదే. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే వదిన గారు (చుట్టరికం లేకపోయినా మేమంతా అలాగే పిలుస్తాం) జులైలో ఒక సాయంత్రం కొడుకుని ట్యూషన్ నుంచి తీసుకొస్తున్నారు. అరగంట వాన పడి ఆగింది. కాలువ, రోడ్డు ఒకటే మట్టంలో నీళ్లు. వీధి దీపం వెలగడం లేదు. ఎదురుగా ఆటో వస్తే పక్కకి ఒక అడుగు వేశారు. ఆ అడుగు కాలువలో పడింది. మడమ దగ్గర రెండు ఎముకలు విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. రెండు నెలలు మంచం, ఆపైన చేతికర్ర.

పలకలు తీసి అప్పటికి పదకొండు రోజులైంది. చుట్టూ తాడు లేదు, ఎర్రజెండా లేదు, కనీసం చెట్టుకొమ్మ కూడా గుచ్చలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకల్లా మనుషులు వచ్చి మూడు పలకలూ యథాస్థానంలో పెట్టేసి వెళ్లారు! పదకొండు రోజులు కుదరని పని పదిహేను నిమిషాల్లో అయిపోయింది. వీధిలో అందరూ "పోనీలే, ఇప్పటికైనా మూశారు" అని ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ పలకలతోపాటు సాక్ష్యం కూడా మూతపడిందన్న సంగతి వెంటనే ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు వెళ్లి చూస్తే అక్కడ శుభ్రమైన కాలువ, దాని మీద పలకలు. ఎవరైనా పడ్డారంటే నమ్మేలా ఉండదు.

అదృష్టం ఏమిటంటే, ఆ రాత్రే పక్కింటి కుర్రాడు ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాడు. తెరిచి ఉన్న కాలువ, గోడకి ఆనించిన పలకలు, వెలగని దీపస్తంభం, దాని మీది నంబరు. ఫొటోలో తేదీ, టైము ఉన్నాయి. ఆ తర్వాత జరిగినదంతా ఆ నాలుగు ఫొటోల మీదే నిలబడింది.

రెండో సాక్ష్యం ఆసుపత్రిలో పోబోయింది. డాక్టరు ఎలా తగిలిందని అడిగితే కంగారులో వాళ్ల అత్తగారు "జారిపడిందండీ" అన్నారు. కేస్ షీటులో "జారి పడుట" అని రాశారు. రెండు మాటలే. రేపు అవతలివాళ్ల వకీలు ఆ రెండు మాటలు చూపించి "ఇంట్లో బాత్‌రూములో జారిపడి ఉండొచ్చు కదా" అంటాడు. వదిన గారి తమ్ముడు మూడో రోజు చూసి, డాక్టరుతో మాట్లాడి, ఫలానా వీధిలో తెరిచి ఉన్న మురుగు కాలువలో పడినట్టు పేషెంటు చెప్పారని కేస్ షీటులో చేర్పించాడు. మన ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ఆసుపత్రిలో కారణం చెప్పే పని మనమీదే పడుతుంది కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏ వీధి, ఏ చోటు, మూత లేకపోవడం వల్ల అని పూర్తిగా చెప్పాలి, అదే రాశారో లేదో చదువుకోవాలి.

పోలీసు స్టేషన్‌లో "ఎవరి మీదమ్మా కంప్లైంటు?" అని అడిగారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మురుగు పైపుల మ్యాన్‌హోల్ ఒకరిది, వాన నీటి కాలువ ఇంకొకరిది, కేబుళ్ల గొయ్యి మరొకరిది, రోడ్డు వేరేవాళ్లది. హైదరాబాదులో అయితే మురుగు లైన్లు వాటర్‌బోర్డువి, వాన నీటి నాలాలు కార్పొరేషన్‌వి. గొయ్యి ఉన్నంతకాలం ఎవరికి వారే యమునా తీరే. నడిచేవాడికి మాత్రం అన్నీ ఒకేలాంటి గోతులు. కానీ ఏ శాఖదో తేల్చుకుని వెళ్లాల్సిన బాధ్యత పడినవాళ్లది కాదు. ఎవరో తెలియని బాధ్యులు అని కంప్లైంటు ఇవ్వొచ్చు, తేల్చడం పోలీసుల పని. నిర్లక్ష్యం వల్ల ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను, ప్రాణం పోతే 106వ సెక్షను ఉన్నాయి. ప్రాణం పోయిన కేసులో శిక్ష ఐదేళ్ల దాకా ఉండొచ్చు. పాత చట్టంలో రెండేళ్లే ఉండేది.

వదిన గారి భర్త చేసిన తెలివైన పని సమాచార హక్కు కింద పది రూపాయలతో ఒక దరఖాస్తు పెట్టడం. మూడే ప్రశ్నలు అడిగారు. మా వీధి కాలువ పూడిక పని ఎవరికి ఇచ్చారు? పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసినట్టు రాసుకున్నారు? పలకలు తిరిగి వేసినట్టు కొలతల పుస్తకంలో ఏ తేదీ ఉంది? ముప్ఫై రోజుల గడువు చివర్లో జవాబు వచ్చింది. ఆవిడ పడ్డ రోజుకి నాలుగు రోజుల ముందే పలకలు వేసేసినట్టు, పని పూర్తయినట్టు పుస్తకంలో ఉంది! కాంట్రాక్టరు బిల్లుకి ఆ తేదీయే ఆధారం. ఫొటోలో మాత్రం ఆ పలకలు గోడకి ఆనుకుని ఉన్నాయి.

నిర్లక్ష్యం అంటే నేను ఇదీ అంటాను. పలక ఎత్తిన కూలీ చేసింది కాదు. అతనికి వేయమని చెబితే పావుగంటలో వేశాడు. వీధికి వచ్చి చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టిన చెయ్యి ఉంది చూశారా, దానిది నిర్లక్ష్యం. సస్పెన్షన్లు వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా కింది మెట్టు మీదివాళ్లకే తగులుతాయి. కొన్ని నెలల్లో ఆ సంగతీ అందరూ మర్చిపోతారు.

కోర్టు సంగతికి వస్తే చట్టం మనం అనుకున్నంత గుడ్డిది కాదు, అలాగని తేలికైనదీ కాదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో మునిసిపాలిటీ గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. రోడ్డు పక్కన అలాంటి కట్టడం కూలిందంటే, దాన్ని చూసుకోవాల్సినవాళ్లు సరిగా చూసుకోలేదని ఆ కూలడమే చెబుతుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో చనిపోయినవాళ్ల కుటుంబం విడిగా నిరూపించనక్కర్లేదు. మూత లేని కాలువకీ ఇదే తర్కం సరిపోతుందని వకీళ్లు వాదిస్తారు. అయితే 1997లో గుజరాత్‌లోని రాజ్‌కోట్ కేసులో, రోడ్డు పక్క చెట్టు మీద పడి చనిపోయిన ఒకాయన కుటుంబానికి అదే సుప్రీంకోర్టు పరిహారం లేదంది. చెట్టు పడుతుందని కార్పొరేషన్‌కి ముందే తెలిసే వీలు ఉందా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న అయింది.

ఈ రెండు తీర్పుల మధ్యే మన కేసు ఉంటుంది. మూత నిన్న రాత్రి దొంగ ఎత్తుకుపోయి, పొద్దున్నే ఎవరో పడితే "మాకు తెలియదు" అన్న మాటకి కొంత బలం ఉంటుంది. వాళ్ల మనుషులే తీసి పదకొండు రోజులు వదిలేస్తే "తెలియదు" అనడానికి వీల్లేదు. ఎవరైనా ముందే కంప్లైంటు ఇచ్చి ఉంటే అసలే వీల్లేదు. మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారు అంతకు ఐదు రోజుల ముందే ఫోన్ యాప్‌లో ఫిర్యాదు పెట్టారు. "పరిష్కరించబడింది" అని ఆయనకి మెసేజి కూడా వచ్చింది! ఆ మెసేజి ఆయన చెరిపేయకుండా ఉంచారు. ఇప్పుడు వకీలు ఫైల్లో ఫొటోల పక్కన అదీ ఉంది. కంప్లైంటు ఇస్తే ఎవరు పట్టించుకుంటారు అని అనుకుంటాం. పట్టించుకోకపోయినా సరే, వాళ్లకి ముందే తెలుసు అని రుజువు చేసేది ఆ కంప్లైంటు నంబరే.

కేసు వేయడానికి గడువులున్నాయి. హైదరాబాదు కార్పొరేషన్ చట్టం 1955 నాటిది. దాని ప్రకారం దావా వేయడానికి ఒక నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఘటన జరిగిన ఆరు నెలల్లోపు దావా వేయాలి. మిగతా ఊళ్లలో వాళ్ల చట్టాన్ని బట్టి చూసుకోవాలి. కాలు విరిగి మంచంలో ఉన్న ఆడమనిషి ఇంట్లో మొదటి రెండు నెలలు వంటా, పిల్లలూ, ఆసుపత్రీ తోనే గడిచిపోతాయి. ఎవరో ఒకరు మొదటి నెలలోనే వకీలు దగ్గరికి వెళ్లకపోతే ఆ గడువు ఇంట్లోవాళ్లకి తెలియకుండానే దాటిపోతుంది.

నష్టపరిహారం లెక్క రాసే రోజు నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. ఆసుపత్రి బిల్లు, మందులు, ఫిజియోథెరపీ, ఆటో ఖర్చులు రాశారు. "ఆదాయ నష్టం" అన్న చోట అన్నయ్యగారు "ఆవిడకి ఆదాయం లేదండీ, సున్నా వేయండి" అన్నారు. చెడ్డమనిషి కాదు పాపం, ఆయనకి అలాగే తోచింది. వదిన గారు మంచం మీంచి కిటికీ వైపు తిరిగారు.

వకీలు సున్నా వేయలేదు. "మరి ఈ రెండు నెలలూ వంట ఎవరు చేశారు?" అని అడిగారు. వంటమనిషిని పెట్టుకున్నారు, జీతం ఇచ్చారు. బట్టలు బయటికి ఇచ్చారు. పిల్లాడిని ట్యూషన్‌కి తీసుకెళ్లడానికి ఆటో మాట్లాడారు. మామగారి మందులకి ఎవరూ లేక ఆడపడుచు పదిహేను రోజులు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. ఆవిడ లేచి తిరుగుతున్నప్పుడు కనిపించని డబ్బు, ఆవిడ పడుకోగానే ప్రతి నెలా చేతిలోంచి పోతూ కనిపించింది. వకీలు అవన్నీ విడివిడిగా రాయించారు.

ఇది ఆయన దయతో రాసింది కాదు. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు జీతం లేని గృహిణి చేసే పనికి నెలకి 3,000 రూపాయలు లెక్కగట్టింది. అప్పట్లో అదే పెద్ద మాట. 2021 జనవరిలో ఢిల్లీ రోడ్డు ప్రమాదం కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ఇంకా వివరంగా రాశారు. ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, అంటే దగ్గరదగ్గర ఐదు గంటలు, జీతం లేని ఇంటిపనికి వెచ్చిస్తున్నారన్న ప్రభుత్వ సర్వేను అందులో ప్రస్తావించారు. గృహిణి పనికి విలువ లేదన్న భావన పోవాలన్నారు. అవి అగ్నిప్రమాదం కేసు, రోడ్డు ప్రమాదం కేసు. కాలువలో పడ్డ కేసులోనూ లెక్క వేసే పద్ధతికి వాటిని చూపించొచ్చు. ఎవరికైనా ఇలాంటి దరఖాస్తు రాయాల్సి వస్తే ఆ గడిలో సున్నా ఒప్పుకోకండి.

ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, ఇది వేరు. ఎక్స్‌గ్రేషియా అంటే తప్పు ఒప్పుకోకుండా జాలితో ఇచ్చేది. ఎంత ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో వాళ్లిష్టం. టీవీలో వచ్చిన చావుకి ఒక మొత్తం, రానిదానికి ఏమీ ఉండదు. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు మహారాష్ట్రకి వేరే దారి చూపించింది. రోడ్డు గుంటల్లో గానీ తెరిచిన మ్యాన్‌హోల్‌లో గానీ పడి చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, దెబ్బలు తగిలితే తీవ్రతను బట్టి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని, దానికి కమిటీలు ఉండాలని చెప్పింది. ఆ డబ్బు బాధ్యులైన అధికారుల నుంచి, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టాలని కూడా అంది. నాకు ఈ చివరి మాటే అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. కార్పొరేషన్ కట్టే పరిహారం మనం కట్టిన ఇంటిపన్నులోంచే పోతుంది. సంతకం పెట్టిన మనిషి జేబులోంచి పోతేనే రేపు అతను వీధికి వచ్చి చూస్తాడు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి నియమం రావాలి.

చేయలేని పనులేమీ అడగడం లేదు. హైదరాబాదు వాటర్‌బోర్డు లోతైన మ్యాన్‌హోళ్లకి మూత కింద ఇనుప జాలీలు పెట్టి, మూతలకి ఎర్ర రంగు వేసింది. మూత పోయినా మనిషి లోపలికి పోకుండా జాలీ ఆపుతుంది. అలాంటిది ప్రతి ఊళ్లోనూ చేయొచ్చు. పూడిక తీసిన కాలువకి అదే రోజు పలకలు వేయాలి. కుదరకపోతే చుట్టూ కంచె, రాత్రి దీపం ఉండాలి. పలకలు వేసిన ఫొటో లేకుండా బిల్లు చెల్లించకూడదు. మా మాస్టారి ఫిర్యాదు లాంటివాటిని "పరిష్కరించబడింది" అని మూసే ముందు ఫిర్యాదు చేసిన మనిషిని ఒకసారి అడగాలి.

వదిన గారి నోటీసుకి జవాబు వచ్చింది. పలకలు స్థానికులే కదిపి ఉంటారని, వర్షంలో పాదచారి తగిన జాగ్రత్త వహించలేదని రాశారు. మళ్లీ అదే ప్రశ్న, ఆఫీసు భాషలో. పడ్డ మనిషి అజాగ్రత్త కూడా ఉందని తేలితే కోర్టు పరిహారం కొంత తగ్గిస్తుంది. కానీ నీళ్లలో మునిగిన గొయ్యి ఎవరి కంటికీ కనబడదని ఎవరికైనా అర్థమవుతుంది. దావా వేశారు. వాయిదాలు నడుస్తున్నాయి. ఎప్పటికి తేలుతుందో, ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆవిడ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు గానీ మేడమెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటున్నారు.

పూడిక తీసేవాళ్లు వచ్చేది పగలు పదకొండు గంటలకి. ఆ టైములో వీధిలో ఉండేది మనమే. ఎన్ని పలకలు తీశారు, ఎప్పుడు వేస్తారు, పని చేయిస్తున్నది ఎవరు అని గుమ్మంలోంచే అడగొచ్చు. సాయంత్రానికి వేయకపోతే ఒక ఫొటో, ఒక ఫిర్యాదు, దాని నంబరు కాలెండరు మీద. మా వీధిలో ఈ ఏడాది అలాగే చేశాం. కాలువ నాలుగు రోజులు తెరిచి ఉంది, పదకొండు కాదు. ఆ నాలుగు రోజులూ మాస్టారి మనవడి పాత ఎర్ర చొక్కా ఒకటి కర్రకి కట్టి అక్కడ పాతాం. కార్పొరేషన్‌ వాళ్లు పెట్టాల్సిన జెండా అది.